సంక్రాంతి లీవుకి ఏడుంబావు ముహూర్తం

నవంబరు 13, గురువారం. ఉదయం ఎనిమిదికి ఇంకా అయిదు నిమిషాలుంది. గచ్చిబౌలిలో ఓ హాస్టల్ గదిలో మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది ఒకమ్మాయి. చేతిలో ఫోను, ఒళ్లో లాప్‌టాప్. ఫోన్లో రైల్వే యాప్ తెరిచి ఉంది. ఎనిమిది కొట్టగానే జనవరి 12 రాత్రి లింగంపల్లి నుంచి కాకినాడ వెళ్లే గౌతమికి రిజర్వేషన్ మొదలవుతుంది. లాప్‌టాప్‌లో ఆఫీసు చాట్ తెరిచి ఉంది. అందులో డాలస్‌లో ఉన్న మేనేజరు రాత్రి పెట్టిన ఒకే ఒక్క వాక్యం: "ఆ వారంలో రిలీజు ఉంది కదా, నీ పని ఎవరు చూస్తారు?"

ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు ఉంది. చెప్పడానికి అవతల మనిషే లేడు. మనకి గురువారం పొద్దున్న ఎనిమిదైతే డాలస్‌లో ఇంకా బుధవారం రాత్రి ఎనిమిదిన్నర. ఆయన ఇంట్లో భోజనం దగ్గర ఉంటాడు. ఇప్పుడు రాసింది ఆయన చూసేది మనకి ఈ రాత్రి ఏడున్నర దాటాకే. ఈలోపు గౌతమి వెయిటింగ్ లిస్టు ఎక్కడికి పోతుందో గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి మా టీమే. నాకు ఫోన్ చేసింది. "బుక్ చేసెయ్యనా అన్నా, ఆయన కాదంటే?" అంది. చేసెయ్యమన్నాను. చాలా రోజుల ముందే రద్దు చేసుకుంటే స్లీపర్ టికెట్టుకి పోయేది నూటఇరవై రూపాయలు, థర్డ్ ఏసీకైతే నూటఎనభై, దాని మీద జీఎస్టీ. చివరి వారంలో ప్రైవేటు బస్సువాడు అడిగే రేటు ముందు అదొక లెక్కే కాదు. సైడ్ అప్పర్ దొరికింది. కానీ మూడు రోజుల లీవు గురించి సోమవారం అడిగితే గురువారానికి కూడా ఔనో కాదో ఎందుకు తేలలేదన్నది అలాగే మిగిలింది. అమెరికా మేనేజరుతో పనిచేసే ప్రతివాళ్లకీ ఏదో ఒక పండక్కి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. నాకైతే పద్నాలుగేళ్లలో చాలాసార్లు అయింది.

ఆ నాలుగు రోజులూ విప్పి చూద్దాం. సోమవారం 10వ తేదీ పొద్దున్న పదింటికి, ఆఫీసుకి రాగానే, ఆమె చాట్‌లో రాసింది: "జనవరిలో మా సంక్రాంతి పండగ ఉంది, కొన్ని రోజులు లీవు పెట్టుకోవచ్చా?" మర్యాదగానే ఉంది. కాకపోతే అప్పుడు డాలస్‌లో ఆదివారం రాత్రి పదిన్నర. ఆయన సోమవారం పొద్దున్న ఎనిమిదికి మిషన్ తెరిచేసరికి మనకి రాత్రి ఏడున్నర అయింది. మన పగలంతా ఇక్కడి నుంచి వెళ్లిన మెయిళ్లు, చాట్‌లు ఆయన ముందు కుప్పపడి ఉన్నాయి. అందులో ఈమెది అడుగున ఉంది. ఆయన పదకొండింటికి అక్కడిదాకా వచ్చి, "ఏ తేదీలు?" అని అడిగాడు. మనకి రాత్రి పదిన్నర. ఆమె లాగౌట్ అయిపోయింది. మంగళవారం పొద్దున్న తేదీలు రాసింది. ఆ మంగళవారం నవంబరు 11, అమెరికాలో వెటరన్స్ డే. మా క్లయింటు బ్యాంకు, బ్యాంకులకు ఆ రోజు సెలవు. ఆయన బుధవారం వచ్చాడు, పొద్దుటి నుంచీ మీటింగులు. తన మధ్యాహ్నం మూడింటికి, అంటే మనకి గురువారం తెల్లవారుజామున రెండున్నరకి, ఆ రిలీజు ప్రశ్న అడిగాడు.

ఎక్కడా ఎవరూ బద్ధకించలేదు. అడిగిన ప్రతిదానికీ అవతలివాళ్లు తమ పనిరోజులోనే బదులిచ్చారు. అయినా నాలుగు మాటలకి నాలుగు రోజులు పట్టింది. ఒకే ఊళ్లో, పక్క క్యాబిన్‌లో మేనేజరు ఉంటే ఈ మాటలన్నీ టీ తాగే లోపు అయిపోయేవి.

చలికాలంలో హైదరాబాదుకీ డాలస్‌కీ తేడా పదకొండున్నర గంటలు. కాలిఫోర్నియా అయితే పదమూడున్నర, న్యూజెర్సీ అయితే పదిన్నర. మన పగలు వాళ్ల రాత్రి అని అందరికీ తెలుసు. దానివల్ల ఒక్కో ప్రశ్న ఖరీదు ఒక పనిరోజు అవుతుందన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ప్రశ్న రాత్రి వస్తుంది, జవాబు పొద్దున్న ఇస్తాం, దాన్ని వాళ్లు మళ్లీ రాత్రికి చూస్తారు. కాబట్టి అప్రూవల్ ఆలస్యానికి మందు మేనేజరుని తొందరపెట్టడంలో లేదు. ఆయనకి ఒక్క ప్రశ్న కూడా మిగలకుండా మొదటి మెయిలు రాయడంలో ఉంది.

అలాంటి మెయిలు ఎలా ఉంటుంది? వెళ్లేది ఇంగ్లీషులోనే గానీ, సంగతి ఇది. "జనవరి 13 మంగళవారం, 14 బుధవారం, 16 శుక్రవారం, మూడు రోజులు లీవు కావాలి. 15 గురువారం ఇక్కడి ఆఫీసుకి సెలవే. 12 సోమవారం పని చేస్తాను కానీ మీ పొద్దుటి కాల్‌కి ఉండను, అప్పటికి రైల్లో ఉంటాను. 19 సోమవారం మామూలుగా వస్తాను. 14న వెళ్లే రిలీజులో నా భాగం ఫలానా అతను చూస్తాడు. అడిగాను, ఒప్పుకున్నాడు. 9 శుక్రవారం లోపు అతనికి అప్పగిస్తాను. ఇది మా ఇంటిల్లిపాదీ ఊళ్లో కలిసే పండగ, మీ థాంక్స్‌గివింగ్ లాంటిది. రైలు రిజర్వేషన్ మీ లెక్కలో బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకి మొదలవుతుంది. ఈలోపు ఔనో కాదో చెబితే చాలు."

ఈ చివరి రెండు వాక్యాలే అసలైన పని చేస్తాయి. గడువు మన టైములో చెబితే ఆయన లెక్కగట్టుకోవాలి, తప్పు కడతాడు కూడా. ఆయన టైములో చెబితే అది ఆయన క్యాలెండర్‌లో ఒక చోట కూర్చుంటుంది. ఇక "మీ అభిప్రాయం చెప్పండి" అని ముగిస్తే అభిప్రాయాలే వస్తాయి. ఔనో కాదో అంటే ఫోన్లోనే ఒక వేలితో బదులు కొట్టేయొచ్చు.

తేదీల దగ్గర ఇంకో చిక్కుంది. మనం 12/01 అని రాస్తే జనవరి పన్నెండు. అమెరికావాళ్లు ముందు నెల, తర్వాత రోజు చదువుతారు. వాళ్ల కంటికి అది డిసెంబరు ఒకటి. 13/01 అని రాస్తే పదమూడో నెల ఉండదు కాబట్టి తప్పు దానంతటదే బయటపడుతుంది. పన్నెండు లోపు తేదీలతోనే ప్రమాదం. వెనకటికి మా దగ్గర ఒకాయన 09/01 నుంచి 12/01 దాకా అని రాస్తే, అవతలివాళ్లు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మూడు నెలలు పోతున్నాడా అని హెచ్‌ఆర్‌ని అడిగారు. నెల పేరు అక్షరాల్లో, పక్కన వారం పేరు. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. రాత్రి షిఫ్టు వాళ్లయితే ఇంకొంచెం జాగ్రత్త పడాలి. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మొదలైన షిఫ్టు శనివారం తెల్లవారుజామున ముగుస్తుంది. "శుక్రవారం లీవు" అంటే ఏ రాత్రి అన్నది రెండు వైపులా రెండు రకాలుగా అర్థమవుతుంది. "శుక్రవారం సాయంత్రం మొదలయ్యే షిఫ్టుకి రాను" అని రాయడం మేలు.

క్యాలెండర్ ఆహ్వానం పంపేవాళ్లూ చూసుకోవాలి. అవుట్‌లుక్‌లో మన టైములో "రోజంతా" అని పెట్టి పంపిన జనవరి 13, డాలస్‌లో 12 మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి 13 మధ్యాహ్నం పన్నెండున్నర దాకా కనిపించొచ్చు. మన అర్ధరాత్రి వాళ్లకి ముందురోజు మధ్యాహ్నం మరి. అది చూసి ఆయన 13న తన మధ్యాహ్నానికి మనం తిరిగి వచ్చేస్తామనుకుంటాడు.

ఇక ఎప్పుడు పంపాలి? నేను సాయంత్రం ఏడుంబావుకి పంపుతాను. అంటే అప్పటిదాకా కూర్చుని కాదు. పొద్దున్నే రాసిపెట్టి, ఫలానా టైముకి వెళ్లమని షెడ్యూల్ చేస్తాను. అవుట్‌లుక్‌లోనూ టీమ్స్‌లోనూ ఆ వీలుంది. ఏడుంబావు అంటే డాలస్‌లో ఏడూ నలభై అయిదు. ఆయన కాఫీ కప్పుతో కూర్చునేసరికి మన మెయిలు కుప్ప పైన ఉంటుంది. ఆయనకేదైనా అనుమానం వచ్చి అడిగినా, ఆ గంటా గంటన్నరలో మనం ఇంకా మెలకువగానే ఉంటాం, అక్కడికక్కడే తేలిపోతుంది. రెండు దేశాలూ ఒకేసారి కళ్లు తెరిచి ఉండే ఆ కాస్త సేపే మన ముహూర్తం. వారం విషయానికొస్తే సోమవారం వద్దు, ఆయన వారాంతపు బరువు దింపుకుంటూ ఉంటాడు. శుక్రవారం అసలే వద్దు, ఆయన ఆ రోజు చూడకపోతే మళ్లీ మనకి సోమవారం రాత్రే. మంగళవారం శుభకార్యాలకి పనికిరాదంటారు గానీ లీవు మెయిలుకి మంచిదే. వెటరన్స్ డే లాంటివి పడకుండా వాళ్ల సెలవుల పట్టిక ఒకసారి చూసుకుంటే సరి.

ఇదంతా చేసినా ఒక్కోసారి జవాబు రాదు. ఆ ఆలస్యానికి కారణం వేరే. మా అమ్మాయి మెయిలు పెట్టిన వారంలోనే ఇంకో ముగ్గురు అవే తేదీలకి అడిగారు. హైదరాబాదు టీమ్‌లో మేం ఆరుగురం. నలుగురిది ఆంధ్ర, ఒకతనిది నిజామాబాదు, ఒకావిడది లక్నో. నాలుగు అర్జీలు ఒకే వారానికి రాగానే మేనేజరు ఏం చేస్తాడు? ఎవరికి ఇవ్వాలో, ఎవరికి వద్దనాలో తెలియదు. ఎవరిది ముందు వచ్చిందో చూసి ఇస్తే అన్యాయంలా ఉంటుంది. పండగ సంగతేమో తెలియదు. అలాంటప్పుడు చాలామంది చేసేదే ఆయనా చేశాడు, పక్కన పెట్టాడు. మనం దాన్ని నిర్లక్ష్యం అనుకుంటాం. ఆయనేమో ఇంకెవరైనా తేల్చి చెబుతారేమోనని చూస్తుంటాడు.

ఈ తేల్చడం హైదరాబాదులోనే, మెయిలుకి ముందే జరగాలి. మేం ఆ మర్నాడు క్యాంటీన్‌లో కూర్చుని పావుగంటలో తేల్చుకున్నాం. నిజామాబాదు తమ్ముడికి సంక్రాంతి కంటే దసరా, బతుకమ్మ ముఖ్యం. అక్టోబరులో అతను ఊరెళ్లినప్పుడు అతని పని మేం చూశాం, ఇప్పుడు అతను ఉంటానన్నాడు. లక్నో ఆవిడకి హోలీకి కావాలి, ఆమె కూడా ఉంటుంది. నలుగురిలో ఒకాయన భార్య నిండు గర్భిణి, ఎలాగూ ఈసారి ఊరెళ్లడం లేదు, ఇంటి నుంచి పనిచేస్తానన్నాడు. మిగిలింది ముగ్గురం. రిలీజుకి ముగ్గురు ఉంటారు, ముగ్గురు ఉండరు. ఇదే ఒక చిన్న పట్టికగా, ఒకే మెయిలుగా, ఏడుంబావుకి వెళ్లింది. తొమ్మిది లోపే "సరే" వచ్చింది. ఆయన నిర్ణయం తీసుకోవాల్సిన పనే లేకపోయింది, ఒప్పుకుంటే సరిపోయింది. ఈ పని ముందు వారమే చేసి ఉంటే ఆ గురువారం గుండెదడ ఉండేది కాదు. అది మా తప్పే.

జనవరి మధ్యలో రిలీజు ఎందుకు పెడతారని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. మనల్ని ఏడిపించడానికేం కాదు. అమెరికాలో చాలా బ్యాంకులు, రిటైల్ కంపెనీలు థాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా సిస్టమ్స్‌లో మార్పులేవీ చెయ్యనివ్వవు. అమ్మకాలు, లావాదేవీలు జోరుగా ఉండే కాలం, ఏదైనా తేడా వస్తే నష్టం ఎక్కువ. దాన్నే ఫ్రీజ్ అంటారు. అది ఎత్తేశాక పేరుకుపోయినవన్నీ జనవరి మొదటి పక్షంలో బయటికి రావాలి. సరిగ్గా మనకి భోగిమంటలు వేసే వారం. అక్కడివాళ్ల క్యాలెండర్‌లో అది ఏ పండగా లేని ఖాళీ వారం. మన ప్రాంతపు సెలవుల జాబితా ఏడాది మొదట్లోనే టీమ్ క్యాలెండర్‌లో ఎక్కిస్తే రిలీజు తేదీ ఖాయమయ్యేటప్పుడే అది కళ్లబడుతుంది. ఖాయమయ్యాక కదిలించడం నేను చూడలేదు.

"సరే" వచ్చింది కదా, అయిపోయిందా? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. చాట్‌లో వచ్చిన సరే వేరు, పోర్టల్‌లో నొక్కిన సరే వేరు. అమెరికా మేనేజర్లలో చాలామందికి నోటిమాటే అప్రూవల్. "బాగుంది, హాయిగా వెళ్లిరా" అన్నాక ఇంకా బటన్ ఒకటి నొక్కాలని వాళ్లకి గుర్తుండదు. జీతం లెక్కవేసే సిస్టమ్‌కి మాత్రం ఆ బటన్ తప్ప ఇంకేమీ తెలియదు.

సంక్రాంతికి దీంతో ఇంకో ముడి కలుస్తుంది. నవంబరులో పోర్టల్ తెరిచి జనవరి తేదీలు పెడితే చాలా ఆఫీసుల్లో తీసుకోదు. లీవు బ్యాలెన్స్ లేదంటుంది. కొత్త ఏడాది లీవులు జనవరి 1నే ఖాతాలో పడతాయి. అంటే రైలు కోసం నవంబరులో అడగాలి, సిస్టమ్ కోసం జనవరిలో అడగాలి. ఈ రెంటి మధ్యా మేనేజరు క్రిస్మస్‌కి వెళ్లి రెండు వారాలు కనిపించడు. వెళ్లొచ్చాక నవంబరులో ఇచ్చిన మాట ఆయనకి లీలగా గుర్తుంటుంది, లేదా ఉండదు.

ఆ అమ్మాయి ఈసారి తెలివిగా చేసింది. జనవరి 2న బ్యాలెన్స్ పడింది, కానీ ఆ రోజు పెట్టలేదు. ఆ రోజు పెడితే సిస్టమ్ నుంచి ఆయనకి వెళ్లే సూచన రెండు వారాల మెయిళ్ల కింద పాతుకుపోతుంది. ఆయన తిరిగొచ్చేది 5వ తేదీ సోమవారం. ఆ రోజూ వదిలేసి 6న, మంగళవారం సాయంత్రం, పోర్టల్‌లో మూడు రోజులూ పెట్టింది. ఏడుంబావుకి నవంబరు నాటి ఆ పాత మెయిలుకే బదులుగా రెండు వాక్యాలు పంపింది: "మీరు నవంబరులో ఒప్పుకున్న లీవు ఇదే. పోర్టల్‌లో పెట్టాను, ఒకసారి అప్రూవ్ నొక్కగలరా?" కింద ఆయన ఇచ్చిన సరే కనిపిస్తూనే ఉంది. కొత్తగా ఆలోచించడానికేమీ లేదు. ఆ రాత్రే నొక్కాడు.

నొక్కకపోతే ఏమవుతుంది? పోర్టల్‌లో పెండింగ్ అని ఉండిపోతుంది. ప్రతి ఆఫీసుకీ నెలలో ఒక తేదీ ఉంటుంది, ఇరవయ్యో ఇరవయ్యైదో, ఆ రోజుకి హాజరు లెక్క మూసేసి జీతాలు కడతారు. అప్పటికి పెండింగ్‌లో ఉన్న రోజులు లీవు కిందా రావు, పని కిందా రావు. గైర్హాజరు కింద రాసి జీతం కోసేస్తారు. లాస్ ఆఫ్ పే అంటారు. తర్వాత నెలలో సరిచేసి ఇస్తారు, నిజమే. నాకోసారి అలా మూడు రోజుల జీతం ఆగింది. అదే నెల అయిదున ఇంటి లోను కంతు ఉంది. నేను పండగ నుంచి తిరిగొచ్చాక మేనేజరుని అడిగితే ఆయన నిజాయితీగా ఆశ్చర్యపోయాడు: "నేను అప్పుడే ఒప్పుకున్నాను కదా!" ఒప్పుకున్నాడు, ఫోన్లో. అందుకని ఊరెళ్లే ముందు కాదు, వెళ్లొచ్చిన మర్నాడు కూడా పోర్టల్ తెరిచి చూడాలి. ఆ లెక్క మూసే తేదీ ఏదో మీ హెచ్‌ఆర్‌ని ఒక్కసారి అడిగి రాసి పెట్టుకోండి.

ఎన్నాళ్లు చూసి మళ్లీ అడగాలి? మన రోజులు లెక్కపెట్టకూడదు, వాళ్ల పనిరోజులు లెక్కపెట్టాలి. గురువారం సాయంత్రం పంపిన మెయిలుకి మనకి సోమవారం మధ్యాహ్నానికి నాలుగు రోజులు గడిచిపోయినట్టుంటుంది. ఆయనకి గడిచినవి గురువారం, శుక్రవారం, రెండే. నేను రెండు పనిరోజులు చూసి, మూడో రోజు సాయంత్రం కాల్‌లో అడుగుతాను. రోజూ ఉండే కాల్ చివర, అందరూ వెళ్లిపోతుంటే, "ఒక్క నిమిషం ఉంటారా" అంటే చాలు. వారంపాటు మెయిళ్లలో తేలనిది నలభై సెకన్లలో తేలుతుంది. తేలాక అక్కడితో వదలకూడదు. "ఇప్పుడు మాట్లాడుకున్నట్టు" అని ఒక వాక్యం రాసి పంపాలి, పోర్టల్‌కి దారి చూపాలి.

అప్పటికీ కదలకపోతే? పై అధికారికి ఫిర్యాదు చెయ్యడమని కాదు. ముందు అసలు బటన్ ఎవరి దగ్గర ఉందో కనుక్కోవాలి. సర్వీసు కంపెనీల్లో తరచూ ఇద్దరుంటారు. పోర్టల్‌లో నొక్కేది హైదరాబాదులో ఉన్న రిపోర్టింగ్ మేనేజరు, ఒప్పుకోవాల్సింది అక్కడి క్లయింటు. "క్లయింటు ఓకే అన్నాడా?" అని ఈయన, "మీ వాళ్లు చూసుకుంటారనుకున్నాను" అని ఆయన. ఇద్దర్నీ ఒకే మెయిలులో పెట్టకపోతే ఇద్దరి మధ్యా బంతి తిరుగుతూనే ఉంటుంది. అక్కడి కంపెనీయే ఇక్కడ సొంత ఆఫీసు పెట్టుకున్న చోట బటన్ నేరుగా డాలస్‌లోనే ఉంటుంది. ఆయన సెలవులో ఉంటే ఆ పని ఇంకొకరికి అప్పగించే వీలు పెద్ద హెచ్‌ఆర్ సిస్టమ్స్‌లో ఉంటుంది, డెలిగేషన్ అంటారు. దాన్ని ఆయన వెళ్లే ముందు తానే పెట్టి వెళ్లాలి. డిసెంబరు రెండో వారంలో, "మీరు లేనప్పుడు మా లీవులు ఎవరు చూస్తారు?" అని కాల్‌లో ఒకరు అడిగితే టీమ్ మొత్తానికి పని జరుగుతుంది. కొన్ని ఆఫీసుల్లో కొన్ని రోజులు కదలకపోతే అర్జీ దానంతటదే పై మెట్టుకి పోతుంది, కొన్నిట్లో దానంతటదే అప్రూవ్ అవుతుంది, ఇంకొన్నిట్లో రద్దయిపోతుంది. మీ పాలసీలో ఈ మూడింటిలో ఏది రాసుందో చూసుకోకుండా "మౌనం అర్ధాంగీకారం" అనుకుని రైలెక్కొద్దు.

చట్టం ఏమీ చెప్పలేదా అంటే, చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1988 నాటి షాపులు, సంస్థల చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ఆ తర్వాతి ఏడాది జీతంతో 15 రోజుల లీవు, అది కాక 12 రోజుల క్యాజువల్ లీవు, జబ్బు చేస్తే మరో 12 రోజులు. ఎన్ని రోజులన్నది అలా చట్టంలో ఉంది. ఫలానా రోజే కావాలంటే మాత్రం ఆఫీసు నియమాల దారినే పోవాలి.

ఇంతవరకూ చెప్పింది ముందే తెలిసిన లీవు సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి ఊరి నుంచి నాన్నకి బాగాలేదని ఫోనొస్తే ఏ ముహూర్తమూ ఉండదు. డాలస్‌లో అప్పుడు సాయంత్రం నాలుగున్నర, నిజానికి మేనేజరు దొరికే టైమే. పొద్దున్న పదింటికి వస్తే దొరకడు. దేనికైనా అప్పుడు మనం అనుమతి కోసం ఆగం, ఆగకూడదు కూడా. అందుకే మా టీమ్‌లో ఒక మాట ముందే అనుకున్నాం, మేనేజరు దాన్ని మెయిలులో ఒప్పుకున్నాడు కూడా: జబ్బు, చావు, ఆసుపత్రి అయితే ఇక్కడున్న ఒక మనిషికి ఫోన్ చేసి చెబితే చాలు. డాలస్‌కి చెప్పే బాధ్యత ఆ మనిషిది. పోర్టల్ తిరిగొచ్చాక. ఇద్దరు అలా వెళ్లారు. అంబులెన్సులో కూర్చుని ఇంగ్లీషులో మెయిలు రాయాల్సిన అవసరం వాళ్లకి రాలేదు.

ఆ అమ్మాయి 12 రాత్రి గౌతమి ఎక్కింది. 14న రిలీజు నిజామాబాదు తమ్ముడు చూశాడు, రాత్రి ఒంటిగంటకి అయిపోయిందని గ్రూపులో పెట్టాడు. కనుమనాడు ఆమె పెట్టిన ముగ్గు ఫొటో చూసి డాలస్ ఆయన ఇది పెయింటా అని అడిగాడు. బియ్యప్పిండి అని చెప్పింది. అది కూడా ఆయన మర్నాటికి చూశాడు.

ఇప్పుడు ఉగాది వస్తోంది. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు, మళ్లీ నవంబరు మొదటి ఆదివారం దాకా డాలస్‌తో మన తేడా పదిన్నర గంటలే. మనం గడియారం ముట్టుకోం కాబట్టి రోజూ కాల్ ఒక గంట ముందుకి వస్తుంది, లీవు మెయిలు కూడా అంతే. ఉగాది మెయిలు ఏడుంబావుకి పెడితే ఆలస్యం. ఆరుంబావుకి.